ఫ్రీజర్‌లో దాచిన ‘రాళ్లు’: ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే నిజంగా బయటికొచ్చేదేమిటి?

క్లుప్తంగా: ఆలివ్ నూనె, నిమ్మరసం తాగిన మర్నాడు మలంలో కనిపించే ఆకుపచ్చ ఉండలు పిత్తాశయ రాళ్లు కావు. తాగిన నూనే పేగులో సబ్బు ముద్దలుగా మారి బయటికి వస్తుంది. నూనె పిత్తాశయంలోకి వెళ్లదు, అక్కడి రాళ్లను కరిగించదు. దానికి చేతనైన పని ఒక్కటే: పిత్తాశయాన్ని గట్టిగా ముడుచుకునేలా చేయడం. రాళ్లున్నవారికి ప్రమాదం వచ్చేది కూడా అక్కడి నుంచే.

పొట్టకు అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకున్నప్పుడు ‘గాల్ బ్లాడర్‌లో రాళ్లు’, అంటే పిత్తాశయంలో రాళ్లు, అని రిపోర్టు రావడం ఇప్పుడు మామూలైపోయింది. చాలామందికి ఆ రాళ్ల వల్ల ఏ బాధా ఉండదు. బాధ పెట్టే రాళ్లకు మాత్రం డాక్టర్లు ఆపరేషన్ చెబుతారు. ఆ మాట విని వెనక్కి తగ్గినవారికి, ఫోనులో ఒక వీడియో ఎదురవుతుంది. పగలంతా యాపిల్ రసం మాత్రమే తాగాలి, రాత్రికి గ్లాసుల కొద్దీ ఆలివ్ నూనెలో నిమ్మరసం కలిపి తాగాలి, కుడివైపు తిరిగి పడుకోవాలి, పొద్దున రాళ్లు పడిపోతాయి. కొందరు దీనికి ఎప్సమ్ సాల్ట్ కూడా జోడిస్తారు. వీడియో చివర ఒక గిన్నెలో పచ్చని గుండ్రటి ఉండలు చూపిస్తారు. ఈ పద్ధతికి అంత నమ్మకం తెచ్చిపెట్టింది ఆ గిన్నే. కంటికి కనిపించిన దాన్ని కాదనడం కష్టం. అందుకే ఆ ఉండలు ఏమిటన్నదే ముందు తేల్చాల్సిన విషయం.

ప్రయోగశాలకు చేరిన ఉండలు

ఒకసారి ఆ ఉండలు నిజంగానే ప్రయోగశాలకు చేరాయి. న్యూజిలాండ్‌లో 40 ఏళ్ల మహిళ ఒకరికి మూడు నెలలుగా పొట్ట కుడివైపు పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చిపోతుండేది. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం చేశాక వచ్చేది. స్కాన్‌లో పిత్తాశయం నిండా ఒకటి రెండు మిల్లీమీటర్ల చిన్న రాళ్లు చాలా కనిపించాయి. ఆమె అప్పటికే ఒక మూలికా వైద్యుడి సలహాతో ‘లివర్ ప్రక్షాళన’ చేసుకుని ఉంది. సాయంత్రం ఆరింటి దాకా అన్నం ముట్టకుండా యాపిల్, కూరగాయల రసాలతో గడిపింది. ఆ తర్వాత కొన్ని గంటల వ్యవధిలో 600 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, 300 మిల్లీలీటర్ల నిమ్మరసం తాగింది. తెల్లవారుజామున ఏ నొప్పీ లేకుండా మెత్తటి ఆకుపచ్చ ‘రాళ్లు’ మలద్వారం గుండా పడ్డాయి. ఆమె వాటిని ఏరి, ఫ్రీజర్‌లో భద్రపరిచి, క్లినిక్‌కు తీసుకొచ్చింది.

వైద్యులు వాటిని చెత్తబుట్టలో వేయకుండా పరీక్షకు పంపడం ఈ కథలో మెచ్చుకోదగిన ఘట్టం. సూక్ష్మదర్శినిలో చూస్తే వాటికి స్ఫటిక నిర్మాణమే లేదు. 40 డిగ్రీల సెల్సియస్ వేడిలో పది నిమిషాలు ఉంచితే కరిగి ఆకుపచ్చని జిడ్డు ద్రవమయ్యాయి. పిత్తాశయ రాళ్లలో ఉండాల్సిన కొలెస్ట్రాల్ గానీ, పిత్తరసానికి రంగునిచ్చే బిలిరుబిన్ గానీ, కాల్షియం గానీ వాటిలో లేవు. మొత్తం పదార్థంలో 75 శాతం కొవ్వు ఆమ్లాలే. ఈ వివరాలను క్రిస్టియాన్ సీస్, జిమ్ బ్రూకర్ 2005లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక చిన్న లేఖగా ప్రచురించారు.

40 డిగ్రీలంటే తీవ్రమైన జ్వరంలో శరీరానికి ఉండే వేడి. శుద్ధ కొలెస్ట్రాల్ కరగాలంటే 148 డిగ్రీల దాకా వేడి కావాలి. జ్వరానికే కరిగిపోయే రాయి కొలెస్ట్రాల్ రాయి కాజాలదని చెప్పడానికి ఈ ఒక్క తేడా సరిపోతుంది.

కడుపులో సబ్బు

ఇంట్లో సబ్బు తయారు చేసిన వారికి తర్వాతి సంగతి వెంటనే అర్థమవుతుంది. నూనెకు క్షారం తోడైతే సబ్బు అవుతుంది. ఆలివ్ నూనెలో ప్రధానంగా ఉండేది ఓలియిక్ ఆమ్లం, అదీ గ్లిజరాల్‌తో ముడిపడిన రూపంలో. జీర్ణరసాల్లోని లైపేజ్ ఎంజైములు ఆ ముడిని విప్పి కొవ్వు ఆమ్లాలను విడదీస్తాయి. మామూలు భోజనంలోని నూనె అయితే పేగు వాటిని పీల్చేసుకుంటుంది. 600 మిల్లీలీటర్లంటే దాదాపు అరకిలోకు పైన నూనె, సుమారు 4,900 కేలరీలు. ఒక మనిషి రెండు రోజులకు పైగా తినే తిండికి సమానమైన శక్తి ఒక్క రాత్రిలో, ఖాళీ కడుపులోకి వచ్చి పడితే పేగు అంతా పీల్చుకోలేదు. మిగిలిపోయిన కొవ్వు ఆమ్లాలు నిమ్మరసంలో పుష్కలంగా ఉండే పొటాషియంతో కలిసి కరగని సబ్బు ముద్దలవుతాయని లేఖ రాసినవారు వివరించారు. 

వారు అక్కడితో ఆగక ప్రయోగశాలలోనే ఆ ముద్దలను తయారు చేసి చూశారు. ఓలియిక్ ఆమ్లం, నిమ్మరసం సమపాళ్లలో కలిపి, కొద్దిగా పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చేర్చారు. మెత్తటి తెల్లని ఉండలు ఏర్పడ్డాయి. గది ఉష్ణోగ్రతలో గాలికి ఆరబెడితే అవి గట్టిపడ్డాయి. ప్రయోగశాల ఉండలు తెల్లగా ఉంటే మనిషిలో వచ్చినవి పచ్చగా ఎందుకున్నాయంటే, పేగులో వాటికి పిత్తరసం రంగు అంటుతుంది. పచ్చదనాన్ని చూసి ‘లివర్‌లోంచి వచ్చింది’ అనుకోవడానికి కారణం ఇదే.

ఈ రసాయన చర్యలో పిత్తాశయానికి పాత్రే లేదన్నది గమనించాలి. రాళ్లు లేనివారు తాగినా ఉండలు రావచ్చు. ఆపరేషన్‌లో పిత్తాశయం తీసేయించుకున్నవారు తాగినా రావచ్చు. ఓలియిక్ ఆమ్లం మన వేరుశనగ నూనెలోనూ దండిగా ఉంది కాబట్టి ఖరీదైన ఆలివ్ నూనే కావాలన్న నియమం కూడా లేదు. రెండు మూడు వారాలకోసారి మళ్లీ చేయాలనీ, ప్రతిసారీ ఇంకా రాళ్లు పడుతూనే ఉంటాయనీ చెప్పడంలో ఆశ్చర్యమేమీ లేదు. నూనె పోసినంత కాలం సబ్బు వస్తూనే ఉంటుంది.

నూనె వెళ్లే దారి వేరు

పిత్తరసాన్ని తయారు చేసేది కాలేయం. పిత్తాశయం దాని కింద వేలాడే చిన్న తిత్తి. 30 నుంచి 50 మిల్లీలీటర్ల పిత్తరసాన్ని చిక్కబరిచి నిల్వ ఉంచుతుంది. అందులోంచి సన్నని మెలికల నాళం ఒకటి బయలుదేరి, కాలేయం నుంచి వచ్చే నాళంతో కలిసి, చిన్నపేగు మొదటి భాగంలో తెరుచుకుంటుంది. ఆ తెరుచుకునే చోట ఒక కండరపు ద్వారం ఉంటుంది. పిత్తరసం ఆ దారిన పేగులోకి దిగుతుందే గాని, పేగులోని ఆహారం ఆ దారిన పైకి ఎక్కదు. తాగిన నూనె నోటి నుంచి కడుపుకు, అక్కడి నుంచి పేగుకు వెళ్తుంది. పిత్తాశయంలోకి అడుగుపెట్టదు. కుడివైపు తిరిగి పడుకున్నా, మోకాళ్లు పొట్టకు ముడుచుకున్నా ఈ దారి మారదు.

పోనీ, ఏదో ఒక విధంగా నూనె అక్కడికి చేరిందనుకున్నా రాళ్లు కరుగుతాయా? కొలెస్ట్రాల్ రాళ్లను కరిగించే ద్రావకాలు లేకపోలేదు. ఎంటీబీఈ అనే ద్రావకాన్ని 1980లలో వైద్యులు వాడి చూశారు. దానికోసం పొట్ట మీదుగా సూదితో పిత్తాశయంలోకి సన్నని గొట్టం దించి, ద్రావకాన్ని గంటల తరబడి ఎక్కిస్తూ, తోడుతూ ఉండాల్సి వచ్చేది. అంత తీవ్రమైన ద్రావకానికి, రాయిని నేరుగా తాకుతూ ఉన్నప్పటికీ, గంటలు పట్టింది. పైగా అది కరిగించేది కొలెస్ట్రాల్‌నే. బిలిరుబిన్, కాల్షియం లవణాలతో తయారయ్యే నల్లని, గోధుమ రంగు రాళ్లు దానికి లొంగవు. దక్షిణ భారతంలో ఇలాంటి వర్ణక రాళ్ల వాటా ఉత్తర భారతం కన్నా ఎక్కువ. ‘కొవ్వును కొవ్వే కరిగిస్తుంది’ అన్న వాదన, రాయిలో కొవ్వే లేనప్పుడు మొదటికే వీగిపోతుంది.

నిమ్మరసం రాళ్లను పోగొడుతుందన్న పేరు ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. తెలుగులో ‘రాళ్లు’ అనగానే చాలామందికి కిడ్నీ రాళ్లు గుర్తొస్తాయి. వాటి విషయంలో నిమ్మరసానికి నిజంగానే కొంత విలువ ఉంది. అందులోని సిట్రేటు మూత్రంలో కాల్షియం రాళ్లు ఏర్పడకుండా కొంతవరకు అడ్డుపడుతుంది. నీళ్లు బాగా తాగితే చిన్న కిడ్నీ రాళ్లు మూత్రంతో పోవడమూ నిజమే. కిడ్నీ నుంచి మూత్రం ఎప్పుడూ ఒకే దిశలో కిందికి పారుతుంది, తాగిన నీళ్లు ఆ ప్రవాహాన్ని పెంచుతాయి. పిత్తాశయానికి అలాంటి ప్రవాహం లేదు. అది మూతి సన్నగా ఉన్న సంచి. ఒక చోట పనికొచ్చిన చిట్కాను పేరు ఒకటే కదా అని రెండో చోటికి తెచ్చారు.

నూనె చేసే ఒకే ఒక్క పని

ఈ ప్రక్షాళన శరీరంపై ఏ ప్రభావమూ చూపదని చెబితే అది తప్పవుతుంది. కొవ్వు చిన్నపేగును తాకగానే అక్కడి కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. ఆ సంకేతం అందగానే పిత్తాశయం ముడుచుకుంటుంది, పేగు దగ్గరి కండరపు ద్వారం సడలుతుంది, పిత్తరసం కిందికి దిగుతుంది. నేతితో కలిపిన పప్పన్నం తిన్నా, బిర్యానీ తిన్నా జరిగేది ఇదే. పిత్తాశయం సరిగా ముడుచుకుంటోందో లేదో చూడటానికి కొవ్వున్న ఆహారం ఇచ్చి స్కాన్ చేసే పద్ధతి వైద్యంలోనే ఉంది. పెళ్లి భోజనం చేసిన రాత్రి రాళ్లున్నవారికి నొప్పి రావడం, దాన్ని ‘గ్యాస్’ అనుకుని సోడా తాగడం ఎందరికో అనుభవమే.

రాళ్లు లేనివారిలో ఈ ముడుచుకోవడం నిశ్శబ్దంగా జరిగిపోతుంది. రాళ్లు ఉన్నవారిలో అది రాయిని సన్నని నాళం వైపు నెడుతుంది. ప్రక్షాళన వాదులు కోరేది కూడా ఇదే, రాయి కదలాలి అని. వారి కోరిక నెరవేరితే ఏమవుతుందన్న ప్రశ్న వీడియోల్లో కనిపించదు. నిజానికి రాయి కదలకపోవడమే చాలామందిని కాపాడుతోంది.

రాయి కదిలితే

మొదటి ఇరుకు పిత్తాశయం మూతి దగ్గర ఉంటుంది. అక్కడి నాళం కేవలం కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు. పెద్ద రాయి అయితే అందులోకి దూరలేక మూతికి బిరడాలా అడ్డుపడుతుంది. పిత్తాశయం ముడుచుకోవడానికి ప్రయత్నిస్తూ ఉంటే పొట్ట పైభాగంలో, కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలై కుడి భుజం ఎముక వెనక్కి పాకుతుంది. రాయి వెనక్కి జారితే అరగంట నుంచి కొన్ని గంటల్లో నొప్పి పోతుంది. జారకపోతే పిత్తాశయం వాచి, చీము పట్టే దాకా రావచ్చు. ఐదారు గంటలు దాటినా తగ్గని నొప్పికి జ్వరం తోడైతే అర్థం ఇదే.

చిన్న రాయి ఇంకా ముందుకు వెళ్తుంది. వినడానికి మేలు అనిపించినా, వైద్యులు ఎక్కువగా జంకేది ఇక్కడే. మొదటి నాళం దాటిన రాయి ప్రధాన పిత్తనాళంలో పడి, పేగు దగ్గరి ద్వారంలో ఇరుక్కోవచ్చు. కాలేయం నుంచి వచ్చే పిత్తరసానికి దారి మూసుకుపోయి కామెర్లు వస్తాయి. నిలిచిపోయిన పిత్తరసంలో బ్యాక్టీరియా పెరిగితే చలి జ్వరం, కామెర్లు, నొప్పి మూడూ కలిసి వస్తాయి. ఇది గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్.

ఆ ద్వారం దగ్గరే క్లోమం నుంచి వచ్చే నాళం కూడా కలుస్తుంది. రాయి అక్కడ అడ్డం పడితే క్లోమ రసం వెనక్కి తన్ని, ఆహారాన్ని అరిగించాల్సిన ఎంజైములు క్లోమాన్నే అరిగించడం మొదలుపెడతాయి. అదే క్లోమశోథ, వాడుకలో ప్యాంక్రియాటైటిస్. పిత్తాశయ రాళ్లు దీనికి ప్రధాన కారణాల్లో ఒకటి. ఇది వచ్చినవారిలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి తీవ్రరూపం దాలుస్తుంది. ఐదు మిల్లీమీటర్ల కన్నా చిన్న రాళ్లున్నవారికి ఈ ముప్పు ఎక్కువన్నది వైద్యులకు తెలిసిన విషయం. ‘మీవి చిన్న రాళ్లే కదా, నూనె తాగితే జారిపోతాయి’ అన్న సలహా ఎంత తలకిందులుగా ఉందో దీన్నిబట్టి చూడవచ్చు. న్యూజిలాండ్ మహిళవి సరిగ్గా అలాంటి ఒకటి రెండు మిల్లీమీటర్ల రాళ్లు. ఆమెకు ఆ రాత్రి ఏమీ కాలేదు. రాళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. చివరికి లాప్రోస్కోపీ ద్వారా పిత్తాశయాన్ని తొలగించారు.

ఎప్సమ్ సాల్ట్ చేర్చే రకంలో మరో చిక్కు ఉంది. అది మెగ్నీషియం సల్ఫేటు, బలమైన భేది మందు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గుతుంది. కిడ్నీలు సరిగా పనిచేయనివారిలో మెగ్నీషియం రక్తంలో పేరుకుని గుండె లయకు, శ్వాసకు ముప్పు తెస్తుంది. షుగర్ మందులు వేసుకుంటూ రోజంతా అన్నం మానేసేవారికి చక్కెర పడిపోయే ప్రమాదం వేరే.

‘నాకు తగ్గింది కదా’ అనేవారి మాట

ప్రక్షాళన తర్వాత నొప్పి పోయిందని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. పిత్తాశయ నొప్పి స్వభావమే రావడం, పోవడం. రాయి మూతి నుంచి వెనక్కి జారగానే నొప్పి ఏ మందూ లేకుండానే ఆగిపోతుంది. తర్వాతి నొప్పి వారాల తర్వాత రావచ్చు, నెలల తర్వాత రావచ్చు. మనుషులు మందు వెతికేది నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో. ఆ తర్వాత ఎలాగూ తెరిపి వస్తుంది, పేరు మందుకు దక్కుతుంది.

అందుకే ఇలాంటి చోట నొప్పిని కొలమానంగా తీసుకోలేము, స్కాన్‌నే తీసుకోవాలి. ప్రక్షాళనకు ముందొకటి, తర్వాతొకటి అల్ట్రాసౌండ్ చేసి రెండూ పక్కపక్కన పెడితే తేలిపోయే విషయం ఇది. గిన్నెలోని ఉండలను చూపే వీడియోలు ఈ రెండో స్కాన్ చూపించడం అరుదు. ఉండలను పరీక్షించడానికైతే ప్రయోగశాల కూడా అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లలో మెత్తబడి జిడ్డు తేలితే అది సబ్బు, కొవ్వు. ఇవి నీళ్ల మీద తేలడాన్నే ‘కొలెస్ట్రాల్ రాళ్లు’ అనడానికి రుజువుగా చెబుతుంటారు. కొలెస్ట్రాల్ నీటి కన్నా కాస్త బరువైనది, మునుగుతుంది.

కామెర్లు వచ్చినప్పుడు

తెలుగు ప్రాంతాల్లో ఈ ప్రమాదానికి ఒక ప్రత్యేకమైన మలుపు ఉంది. కళ్లు పచ్చబడితే ఊళ్లలో చాలామంది మొదట వెళ్లేది పసరు మందు పోసేవారి దగ్గరికి. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే కొన్ని వారాల్లో తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరు నిలిచింది. నాళంలో రాయి అడ్డుపడి వచ్చే కామెర్లు ఆ కోవకు చెందవు. ఇక్కడ మూసుకున్న దారి తెరవాలి. నోటి ద్వారా ఎండోస్కోపు పంపి, ద్వారాన్ని కొద్దిగా కోసి రాయిని బయటికి తీసే ఈఆర్‌సీపీ పద్ధతి ఉన్నది అందుకే. నూనె తాగిన తర్వాత కళ్లు పచ్చబడటాన్ని ‘విషాలు బయటికి పోతున్నాయి’ అని సర్దిచెప్పేవారు కొందరైతే, మామూలు కామెర్లనుకుని పసరుకు వెళ్లేవారు మరికొందరు. రెండు దారుల్లోనూ పోయేది సమయమే. మలం సున్నంలా తెల్లబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్లంతా దురద పెట్టడం నాళం మూసుకుందనడానికి గుర్తులు.

మందుతో కరిగే రాళ్లు కొన్ని ఉన్నాయి

ఆపరేషన్ లేకుండా రాళ్లు పోయే మార్గమే లేదని చెప్పడం కూడా సరికాదు. అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం అనే మాత్ర ఉంది. కాలేయం దాన్ని పిత్తరసంలోనే కలిపి పంపుతుంది కాబట్టి నూనెకు దొరకని దారి దానికి దొరుకుతుంది. అయితే రాళ్లు కొలెస్ట్రాల్‌వి అయి ఉండాలి, కాల్షియం పట్టి ఉండకూడదు, చిన్నవి కావాలి, పిత్తాశయం పనిచేస్తూ ఉండాలి. కిలో బరువుకు రోజుకు 8 నుంచి 10 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా వాడాలి. కరిగినవారిలో కూడా ఐదేళ్లలో దాదాపు సగం మందికి రాళ్లు మళ్లీ వస్తాయి, రాళ్లను తయారు చేసే సంచి అక్కడే ఉంటుంది కాబట్టి. సరైన దారిలో వెళ్లే మందుకే నెలలు పడుతుంటే, ఒక్క రాత్రిలో గిన్నెడు రాళ్లు రాలాయన్న మాటను ఈ లెక్క పక్కన పెట్టి చూసుకోవచ్చు.

బాధ పెట్టని రాళ్లకు సాధారణంగా ఏ చికిత్సా అవసరం లేదు. బాధ పెట్టే రాళ్లకు పిత్తాశయాన్ని తొలగించడమే స్థిరమైన పరిష్కారం. తొలగించాక అరుగుదల ఎలా అన్న భయంతోనే చాలామంది నూనె వైపు చూస్తారు. పిత్తరసం తయారయ్యేది కాలేయంలో కాబట్టి ఆపరేషన్ తర్వాత అది నిల్వ లేకుండా నేరుగా పేగులోకి చేరుతుంది. కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పల్చగా అవుతాయి.

ఇప్పటికే ఈ మిశ్రమం తాగినవారు, పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ఆగని వాంతులు, చలి జ్వరం, పచ్చబడిన కళ్లు, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ రక్తంలో లైపేజ్, బిలిరుబిన్ పరీక్షలు, అల్ట్రాసౌండ్ చేస్తారు. లైపేజ్ మామూలు గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటితే క్లోమశోథగా అనుమానిస్తారు. నూనె తాగిన సంగతి, ఎప్సమ్ సాల్ట్ వాడి ఉంటే ఆ సంగతి, ఎన్ని గంటలకు తాగారన్నది డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఫ్రీజర్‌లో ఉండలు దాచి ఉంటే అవి కూడా తీసుకెళ్లవచ్చు, కాకపోతే వాటికన్నా పాత స్కాన్ రిపోర్టు ఎక్కువ పనికొస్తుంది.